పదిహేను డాలర్లు, మూడు వందల రూపాయలు

మా అక్క తమిళనాడులోని కోవిల్‌పట్టిలో మాట సరిగ్గా రాని పిల్లలకు మాట నేర్పిస్తుంది. అదే ఆమె చదువు, అదే ఆమె పని. విరుదునగర్‌లో కూర్చుని ఆ పనికి లెక్కలు చూసేది నేను. నాకు లెక్కలంటే ప్రేమ, మనుషులంటే కాస్త చిరాకు. ఈ మాట అక్క నన్ను తిట్టేటప్పుడు అనేది, నేను పెద్దగా కాదనేవాణ్ణి కాదు.

ఉదయం స్థానికుల పిల్లలు వచ్చేవారు, ఒక్క తరగతికి మూడు వందల రూపాయలు. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఫోన్లో విదేశీ తరగతులు. ఇంట్లో తెలుగో తమిళమో మాట్లాడే కుటుంబాలు అమెరికాలో, గల్ఫ్‌లో ఉండి, తమ పిల్లలకు ఇంటి భాషలో నేర్పించే మనిషి కోసం వెతుక్కుంటూ అక్క దగ్గరికి చేరేవి. వాళ్లకు అమెరికా అయితే పదిహేను డాలర్లు, గల్ఫ్ అయితే యాభై దిర్హాములు పెట్టాను. పదిహేను డాలర్లంటే మన డబ్బులో పదమూడు వందల దాకా వస్తుంది. ఒక విదేశీ పిల్ల నలుగురు స్థానిక పిల్లలకు సమానమని నేను కాగితం మీద తేల్చేశాను.

తేల్చి ఊరుకున్నానా? ఈ నెలాఖరుతో ఉదయం తరగతులు ఆపేస్తున్నామని స్థానిక తల్లుల వాట్సాప్ గుంపులో పెట్టాను. విదేశీ కుటుంబాలకు రుసుము పెంచుతున్నామని వేరే సందేశం పంపాను. రెండూ అక్కకు చెప్పకుండానే చేశాను.

మర్నాడే అక్క బస్సెక్కి విరుదునగర్ వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"ఏమిరా, అగ్గిపెట్టెల కంపెనీకి పోయే ఆడది ఆ మూడు నూర్లు తెచ్చేకి ఎంత కష్టపడతాదో నీకు తెలుసా? నీ డాలరు ఆడ ఏం కొంటాదో అదన్నా చూసినావా?"

"చూడాల్సిన పనేముంది? బ్యాంకులో ఎంత పడతాదో అదే కణక్కు."

"అది బ్యాంకు కణక్కు. మనిషి కణక్కు వెయ్యి."

ఆమె నోరు మూయించాలనే కసితోనే ఆ లెక్క వేశాను. మారకపు రేటు ఒకటుంటుంది, కొనుగోలు శక్తి రేటు ఇంకొకటుంటుంది. అమెరికాలో ఒక డాలరుకు వచ్చే సరుకు, మన దగ్గర సుమారు ఇరవై రూపాయలకే వచ్చేస్తుంది. ఆ రేటున పదిహేను డాలర్లను ఇరవైతో గుణించాను. మూడు వందలొచ్చింది. తప్పు నొక్కానేమోనని మళ్లీ గుణించాను. మళ్లీ మూడు వందలే. నేను నాలుగింతలు ఇస్తున్నారని మురిసిపోయిన కుటుంబాలు, వాళ్ల ఊరి ధరల్లో చూస్తే, మా స్థానికులు ఇచ్చినంతే ఇస్తున్నారు. జీతంతో పోల్చి చూస్తే ఇంకా ఘోరం. అక్కడ ఉద్యోగం చేసే ఇంటికి అది అరగంట సంపాదన కూడా కాకపోవచ్చు. ఇక్కడ అగ్గిపెట్టెల కంపెనీ తల్లికి ముప్పాతిక రోజు కూలి, దానికి తోడు పిల్లను తీసుకొచ్చినందుకు పోయే పూట కూలి. సిగ్గేసింది.

అయినా వెంటనే ఒప్పుకునే రకం కాదు నేను. "డబ్బు సంగతి సరే, నిలబడేది చూడు. విదేశీవాళ్లు సగటున అయిదు నెలలు దాటి ఉంటారు. మనవాళ్లు అయిదు నెలలే," అన్నాను. రుసుము పెంచినా వాళ్లు వదిలిపోరు అనడానికి నా దగ్గరున్న బలమైన సాక్ష్యం అదొక్కటే.

అక్క కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. "ఒక్కొక్కటిగా చూపించు."

విదేశీ కుటుంబాలు మొత్తం పదకొండే. మూడు నెలలు, నాలుగు, మూడు, నాలుగు. ఆ వరుసలో ఒకటి మాత్రం ఇరవై రెండు నెలలు. ఆ ఒక్కదాన్ని తీసి సగటు కట్టాను. మూడున్నర. అంటే విదేశీవాళ్లు మనవాళ్లకన్నా త్వరగా మానేస్తున్నారు. ఇన్నాళ్లూ ఆ సగటును ఒక్క ఇల్లు మోసుకొచ్చింది. నేను ఆ ఒక్క ఇంటిని చూపించి పది ఇళ్ల గురించి తీర్పు చెప్పాను.

"ఎవరిది ఇది? దిర్హాముల్లో కట్టినారు. ఒక్క తరగతి తప్పలేదు," అన్నాను. ఎవరో దుబాయిలో మంచి ఉద్యోగస్తుడై ఉంటాడని మనసులో అనుకున్నాను.

పిల్లల పేర్లు లెక్కల కాగితంలో ఉండకూడదన్నది అక్క నియమం. అక్కడ అంకె, ఫోన్ నంబరు, కట్టిన డబ్బు మాత్రమే ఉంటాయి. పేర్లు అక్క పుస్తకంలో ఉంటాయి, అందులో డబ్బు మాట ఉండదు. అక్క సంచిలోంచి పుస్తకం తీసి ఆ అంకె వెతికింది. పేజీ మీద వేలు పెట్టి రెండోసారి చదివింది.

"ఇది తాయిల్‌పట్టి పిల్లరా."

"తాయిల్‌పట్టా? మన జిల్లాదేనా?"

"ఆమా, అదే. వాళ్లమ్మ పటాసుల కంపెనీకి పోతాది. కోవిల్‌పట్టికి వచ్చేకి తీరదని ఫోన్లో నేర్పిస్తా ఉండాను. వాళ్ల నాయన గల్ఫ్‌కు వెల్డింగు పనికి పోయినాడు."

ఆ పిల్లను చేర్చేటప్పుడు తండ్రి తన గల్ఫ్ నంబరు ఇచ్చాడు. ఆ నంబరు ముందున్న అంకెలు చూసి నా కాగితం అతన్ని విదేశీ జాబితాలో పడేసింది. అతని సంసారం, ఖర్చు, పిల్ల, అన్నీ తాయిల్‌పట్టిలోనే ఉన్నాయి. దిర్హాములు సంపాదించినా బతికేది రూపాయల్లో. అతనికి కొనుగోలు శక్తి రేటు కట్టడం తప్పు, మారకపు రేటే కట్టాలి. ఆ లెక్కన ఒక్క తరగతికి పన్నెండు వందల దగ్గర. వారానికి రెండు తరగతులు. స్థానిక ధరకు నాలుగింతలు, ఇరవై రెండు నెలలుగా.

వెంటనే అతనికి ఫోన్ చేశాను. అతను తమిళంలో మొదలుపెట్టాడు. నేను టీచరమ్మ తమ్ముణ్ణని చెప్పగానే ఇంటి తెలుగులోకి వచ్చేశాడు.

"జెప్పండి సార్. రేటు పెంచినట్ల మెసేజి వచ్చినాది. రెండు దినాలు టైము ఇయ్యండి, ఫోర్‌మన్‌తో ఓవర్‌టైము అడిగి ఉండాను."

"అది కాదన్నా. మీకు నెల సంబళం ఎంత?"

"పదిహేను నూర్ల దిర్హాం సార్. ఏమి?"

పదిహేను నూర్లంటే రోజుకు యాభై. ఒక్క తరగతికి ఒక రోజు కూలి. అతను అది ఒక్కసారి కూడా మాతో అనలేదు.

"మీరు ఎక్కువ కట్టినారన్నా. పొరపాటు నాదే. మీ పిల్ల తాయిల్‌పట్టిలో ఉంటే మీది లోకల్. మూడు నూర్లే. ఇన్ని నెలలు ఎక్కువ తీసుకున్నది తిరిగి ఇచ్చేస్తాము," అన్నాను. సంతోషిస్తాడనుకున్నాను. తిడతాడేమోనని కూడా అనుకున్నాను, తిట్టించుకోవడానికి సిద్ధంగానే ఉన్నాను.

అతను యంత్రాలకు దూరంగా నడిచినట్టున్నాడు, అవతల చప్పుడు తగ్గింది.

"సార్, లోకల్ పిల్లోళ్లకు ఈ నెలతో నిలిపేస్తారంట కదా. పటాసుల కంపెనీలో ఎవరో అంటే మా ఇంటామె జెప్పినాది," అన్నాడు మెల్లగా. "నాకు దుడ్డు తిరిగి వద్దు. నన్ను ఫారిన్‌లోనే ఉండనీండి సార్."