పద్నాలుగో తేదీలోగా మీరు చేయవలసినవి

ఆస్పత్రిలో ఆమెను అందరూ నోటీసుల అక్క అనేవారు. ఇరవై రెండేళ్ల వయసులో రికార్డుల గదిలో టైపిస్టుగా చేరింది. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక ఎక్స్‌రే గది వెనకనున్న చిన్న గదిలోకి మారింది. ఆరువందల మంది సిబ్బంది మెయిలు ఖాతాలు చూసేది అక్కడ ముగ్గురు. అందులో ఇద్దరు ఎప్పుడూ మారిపోతూ ఉండేవారు. కదలకుండా ఉన్నది ఆమె ఒక్కతే.

ఆ పేరు ఊరికే రాలేదు. పై ఆఫీసు నుంచి ఏ ఉత్తర్వు వచ్చినా దాన్ని మనుషులకు అర్థమయ్యేలా తిరగరాయడం ఆమె పని. రాసిన ప్రతి నోటీసునూ ముందు ఇంటికి తీసుకెళ్లి అత్తగారికి చదివి వినిపించేది. అత్తగారు జీవితంలో కంప్యూటరు ముట్టలేదు. కానీ చెవులు పదును.

ఆ ఏడాది మెయిలు భద్రత అమరికలు మార్చాలని నిర్ణయమైంది. పక్క ఊరి ఆస్పత్రిలో ఎవరి పాస్‌వర్డో దొంగల చేతికి చిక్కి, రోగుల కాగితాలన్నీ బయటపడ్డాయని వార్త వచ్చింది. మేనేజరు రెండు పేజీల నోటీసు రాసుకొచ్చాడు. ఆమె ఆ సాయంత్రం కూరలు తరుగుతున్న అత్తగారి ముందు కూర్చుని చదివింది. మొదటి పేజీ సగానికి వచ్చేసరికి అత్తగారు కత్తిపీట పక్కన పెట్టేసింది.

"అమ్మాయ్, ఆ పురాణం ఆపు. నేనేం చెయ్యాలి? ఎప్పటిలోగా చెయ్యాలి? చెయ్యకపోతే ఏమవుతుంది? ఆ మూడూ చెప్పు చాలు."

ఆమె మళ్లీ రాసింది. ఒక్క పేజీ. "పదిహేనో తేదీ ఉదయం ఏడు గంటల నుంచి ఆస్పత్రి మెయిలు తెరవడానికి పాస్‌వర్డు ఒక్కటే సరిపోదు. ఫోనులో వచ్చే కోడ్ కూడా కావాలి. పద్నాలుగో తేదీ సాయంత్రంలోగా ఆ ఏర్పాటు చేసుకోండి. స్మార్ట్‌ఫోను లేనివారు మా గదికి వస్తే బదులుగా చిన్న తాళంచెవి లాంటి పరికరం ఇస్తాం. అదే రోజు నుంచి ఆస్పత్రి మెయిలు మీ సొంత మెయిలుకు దానంతటదే వెళ్లడం ఆగిపోతుంది. అలా పెట్టుకున్నవారు ఇకపై ఆస్పత్రి మెయిలునే తెరిచి చూసుకోవాలి. ఈ నోటీసులో ఎక్కడా నొక్కాల్సిన లింకు లేదు. మీ పాస్‌వర్డు మేం ఎప్పుడూ అడగం. అడిగితే అది మేం కాదు. అనుమానం ఉంటే రెండువందల పద్నాలుగుకు ఫోన్ చేయండి."

నోటీసు ఒకటో తేదీన వెళ్లింది. ఎనిమిదిన మరోసారి, పదమూడున ఇంకోసారి. సొంత మెయిలుకు ఆస్పత్రి మెయిలు పంపించుకుంటున్న ఖాతాల జాబితా తీసింది. ముప్పై ఒకటి వచ్చాయి. అందరికీ తనే ఫోన్ చేసి మాట్లాడింది. కోడ్ పెట్టుకోనివారి జాబితా వేరే. పద్నాలుగు సాయంత్రానికి అందులో అరవై పేర్లు మిగిలాయి. సెలవులో ఉన్నవారు, మానేసినవారు, వారానికొకసారి వచ్చే డాక్టర్లు. వాళ్లలో ఒకరు గొంతు డాక్టరు. మెడ, గొంతు గడ్డలు చూస్తాడు కాబట్టి ఆ పేరు. వారానికి రెండు రోజులు ఇక్కడ ఆపరేషన్లు, మిగతా రోజులు బయట తన సొంత క్లినిక్. ఆమె క్లినిక్‌కు ఫోన్ చేస్తే సహాయకురాలు ఎత్తింది.

"డాక్టరుగారు పదిరోజులు ఊళ్లో ఉండరండీ. వచ్చాక చెప్తాను."

"మర్చిపోకమ్మా, మెయిలు తెరుచుకోదు."

"ఆయన ఆ మెయిలు ఎప్పుడు తెరిచారు గనక!" అని నవ్వింది సహాయకురాలు.

ఆమె కూడా నవ్వి, పేరు పక్కన 'చెప్పాం' అని రాసుకుంది.

పదిహేనో తేదీ ఉదయం ఏడింటికి మార్పు జరిగింది. రోజంతా యాభై ఫోన్లు వస్తాయని కాఫీ ఫ్లాస్కు నింపుకొచ్చింది. పదకొండే వచ్చాయి. మర్నాడు నాలుగు. మూడో రోజు ఫోను మోగలేదు.

"చూశావా అక్కా, చప్పుడే లేదు. నీ నోటీసు మహిమ!" అన్నాడు మేనేజరు చేతులు రుద్దుకుంటూ.

ఆమెకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఇన్నేళ్లలో ఏ మార్పూ ఇంత సాఫీగా సాగలేదు. ఎవరో ఒకరు అరవాలి. అరవాల్సినవాళ్లలో ఎవరు అరవడం లేదా అని రోజంతా ఆలోచించింది. అంతు చిక్కలేదు. ఫోను ఎత్తి, పనిచేస్తోందో లేదో చూసి మళ్లీ పెట్టింది. తర్వాత పనిలో పడిపోయింది.

మరుసటి నెల ఆరో తేదీన, మిగిలిన అరవై ఖాతాల్లో దేన్ని మూసేయాలో తేల్చుకుంటూ ఒక్కొక్కటే తెరిచింది. ఉత్తరాల లోపల ఏముందో ఆమెకు కనిపించదు, చూడకూడదు కూడా. ఎవరు పంపారు, ఎప్పుడు, అందిందా లేదా అన్నంతవరకే. గొంతు డాక్టరు ఖాతా వచ్చింది. ల్యాబు నుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ప్రతి దాని కిందా ఒక వరుస: బయటికి పంపబోయాం, ఆపివేయబడింది. ఆమె వేలితో లెక్కపెట్టింది. ఇరవై రెండు రోజుల్లో పంతొమ్మిది.

ఈ ఖాతా ఆ ముప్పై ఒకటిలో లేదే అనుకుంది. అప్పుడు అర్థమైంది. మొత్తం మెయిలును బయటికి పంపే అమరిక ఒకటి. పెట్టె లోపల 'ఫలానావారి ఉత్తరాలు మాత్రమే పంపు' అని పెట్టుకునే రూలు వేరే. ఆమె జాబితా మొదటిదానికే. రెండోదానికి జాబితా విడిగా తీయాలి. తీయలేదు.

రూలు తెరిచింది. ల్యాబు నుంచి వచ్చేవి డాక్టరు సొంత మెయిలుకు. పెట్టింది ఆరేళ్ల కిందట. "మీ మెయిల్లో చెత్తంతా నాకొద్దమ్మా, రిపోర్టులొక్కటే రానియ్" అని గొంతు డాక్టరు ఈ గది గుమ్మంలో నిలబడి అడగడం గుర్తొచ్చింది. ఆయన పక్కన కూర్చుని ఆ రూలు పెట్టింది తనే.

ల్యాబు ఉత్తరాలు మాత్రమే వెళ్లే దారి అది. తను మూడుసార్లు పంపిన నోటీసు ఆ దారిన వెళ్లదు. ఎవరూ తెరవని పెట్టెలోనే ఉండిపోయింది. ఆగిపోయాయని చెప్పే తిరుగు ఉత్తరాలూ అదే పెట్టెలో పడ్డాయి. ల్యాబు వైపు నుంచి చూస్తే అన్నీ చక్కగా అందినట్టే.

మెట్లు దిగి ల్యాబుకు పరుగెత్తింది. ల్యాబు ఇన్‌ఛార్జి ముక్కు మీద కళ్లజోడు దించుకుని విన్నాడు.

"పంపాంగా! క్లినిక్ వాళ్లు మొన్న ఫోన్ చేసి రాలేదంటే, పంపేశాం, చూసుకోండి అన్నాం."

"వాళ్లకు అందలేదు. పంతొమ్మిది. వాటిల్లో ఏమున్నాయో మీరే చూడాలి, నేను చూడకూడదు."

ఆయన చూశాడు. ఒక్కొక్కటీ చదువుతూ పోయి ఒకచోట ఆగాడు. ఆ ఒక్కదాన్నీ మొదటి నుంచి మళ్లీ చదివాడు.

"పద్దెనిమిది మామూలువే," అన్నాడు. "ఇది పదహారో తేదీది. డాక్టరుకు ఇప్పుడే చెప్పాలి. నేను చేస్తాను."

ఇన్‌ఛార్జి స్పీకర్లో పెట్టిన ఫోన్లో గొంతు డాక్టరు ఒక్క మాట కూడా అరవలేదు. ఆమె కోరుకున్నది అరుపే. "చెడు ఏదైనా ఉంటే మేమే పిలుస్తాం అని ఆ పేషెంటుకు చెప్పి పంపాను," అన్నాడాయన. "పిలవలేదు కాబట్టి బాగున్నాననుకుని ఉంటుంది. మావాళ్లు ఇప్పుడే చేసి చూశారు, ఆమె ఫోను పలకడం లేదు. అడ్రసు ఉంది, ఆస్పత్రి పక్క వీధే. ఎవరైనా వెళ్లగలరా? ఏం చెప్పొద్దు. నా దగ్గరికి రమ్మనండి చాలు."

"నేను వెళ్తాను," అంది ఆమె.

అదొక బట్టలు కుట్టే షాపు. గుమ్మం పక్కన ఇస్త్రీ బల్ల, లోపల రెండు మిషన్లు, గోడ నిండా సుద్ద ముక్కతో గీసిన కొలతలు. మిషను ముందు నలభై ఏళ్ల మనిషి, మెడ చుట్టూ పలచటి స్కార్ఫు చుట్టుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది. నోటీసుల అక్కను చూడగానే టేపు అందుకుంది.

"రండి రండి. కొలతలా? ముందే చెప్తున్నా, వారం పడుతుంది. అర్జెంటంటే కుదరదు."

"కొలతలకు కాదమ్మా. ఆస్పత్రి నుంచి వచ్చాను. డాక్టరుగారు మిమ్మల్ని ఇప్పుడే ఒకసారి రమ్మన్నారు."

దర్జీ చేతిలోని టేపు నెమ్మదిగా చుట్టుకుపోయింది.

"పిలవకపోతే ఏమీ లేనట్టే అన్నారుగా."

"అన్నారు."

"మూడు వారాలైంది. మా అక్కకు కూడా చెప్పేశా, ఏమీ లేదట అని." ఆమె చేయి స్కార్ఫు మీదికి వెళ్లింది. "ఈ గడ్డ కొంచెం పెరిగినట్టుంది. బిగుతుగా కట్టుకుంటున్నానేమో అనుకున్నా."

నోటీసుల అక్క ఇస్త్రీ బల్ల లోపలికి జరిపింది. షాపు తలుపు వేయడానికి సాయం పట్టింది. వీధంతా పక్కపక్కనే నడిచారు. దర్జీ ఒకటే ప్రశ్న మూడు రకాలుగా అడిగింది. మూడుసార్లూ ఈమె "డాక్టరుగారు చెప్తారు" అనే అంది.

ఆ మధ్యాహ్నమే మేనేజరు గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసి సంగతి చెప్పింది.

"అది సాఫ్టువేరు లోపమని రాద్దాం అక్కా," అన్నాడతను గొంతు తగ్గించి. "ఎవరూ లోతుగా చూడరు."

"సాఫ్టువేరు చెప్పినట్టే చేసింది. రూలు పెట్టింది నేను, మర్చిపోయింది నేను. రెండో జాబితా తీయనిదీ నేనే. అలాగే రాయి. లేకపోతే నేను రాస్తాను."

తనే రాసింది. దానికి కూడా ఒక్క పేజీయే పట్టింది. ఆ సాయంత్రమే రెండో జాబితా తీస్తే అలాంటి రూళ్లు మరో నాలుగు బయటపడ్డాయి. వాటిలో రోగుల రిపోర్టులేమీ లేవు. అయినా నలుగురి దగ్గరికీ కాగితం తీసుకెళ్లి, చేతికిచ్చి, సంతకం పెట్టించుకుంది. విచారణ కమిటీ ఆమెను రెండుసార్లు పిలిచింది. హెచ్చరిక ఉత్తరం ఇచ్చి, ఉద్యోగంలో ఉంచారు. ప్రమాదకరమైన రిపోర్టు ఏదైనా డాక్టరుకు నోటితో చెప్పి, చెప్పినట్టు పుస్తకంలో రాయాలని ల్యాబుకు కొత్త నియమం పెట్టారు.

దర్జీకి చికిత్స మొదలైంది. మూడో విడత మందు ఎక్కుతున్న రోజు నోటీసుల అక్క వార్డుకు వెళ్లి మంచం పక్కన కూర్చుంది. జరిగిందంతా చెప్పేసింది, రూలు సంగతితో సహా. దర్జీ కళ్లు మూసుకుని వింది.

"ఆ మూడు వారాలు పోకపోయుంటే?" అని చివరికి అడిగింది.

"డాక్టరుగారిని అడిగాను. చెప్పలేం అన్నారు. ఏమీ తేడా ఉండకపోవచ్చు, ఉండొచ్చు కూడా అన్నారు."

"ఆయన నాతోనూ అదే అన్నారు. నువ్వు వేరేగా చెప్తావేమో అనుకున్నా."

సీసాలోంచి మందు బొట్టుబొట్టుగా దిగుతోంది. దర్జీ వెళ్లమనలేదు, ఉండమనీ అనలేదు. నర్సు వచ్చి మందు వేగం సరిచేసి, వచ్చే నెల పన్నెండున స్కాను తీస్తారని, గడ్డ తగ్గిందో లేదో అప్పుడే తెలుస్తుందని చెప్పింది. "రిపోర్టు ఎవరు తెస్తారు?" అని దర్జీ నర్సును అడిగింది. అడుగుతూ చూసింది మాత్రం ఈమె వైపు.

"నేనే దగ్గరుండి డాక్టరుగారి చేతిలో పెట్టిస్తాను," అంది నోటీసుల అక్క.

దర్జీ తల ఊపి గోడవైపు తిరిగి పడుకుంది.