పెట్టెలో పొలుసులు రాల్చిన సంచి

కాశీబుగ్గ బజారులో హరిబాబు చెప్పుల కొట్టు అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని కూర్చునే కామాక్షికి చేతిపని ఎంత వచ్చో, నోటిని ఆపుకోవడం అంత రాదు. జిప్పు మార్చమని వచ్చినవాళ్ళకి జిప్పు మార్చి ఊరుకుంటే పోయేది. ఆమె ఊరుకోదు. సంచిని తిరగేసి, అంచు గోటితో గీకి, జాతకం చెప్పేస్తుంది. "ఇది తోలు కాదమ్మా, గుడ్డ మీద పూత. లోపలికి సూడు, నేత కనిపిత్తంది. నిజం తోలుకి వెనకాల పీచు పీచుగా ఉంటాది." తోలనుకుని కొన్నవాళ్ళ మొహాలు వాడిపోతాయి. హరిబాబు నెత్తి కొట్టుకుంటాడు. అతను అమ్మే చెప్పుల్లో సగం ఆ పూతవే మరి.

"వదినా, నువ్వు నా అరుగు మీద కూకుని నా బేరాలు సెడగొడతన్నావు."

"అయితే నాకో కొట్టు సూడు బావా, లేచిపోతాను" అనేది కామాక్షి నవ్వుతూ. నవ్వినా అది ఉత్త మాట కాదు. సొంతంగా ఒక కొట్టు, దానిమీద తన పేరున్న బోర్డు అనే కోరిక ఆమెకి చాలాకాలంగా ఉంది. చిరుగులు కుట్టి కొట్టు పెట్టినవాళ్ళు లేరు. కొత్త సంచుల పని పెద్దది ఒకటి చేతికి రావాలి.

అది జయశ్రీ రూపంలో వచ్చింది. జయశ్రీది వజ్రపుకొత్తూరు దగ్గర సముద్రపొడ్డు పల్లె. ఆశా కార్యకర్త. బీపీ మిషను, మందులు, కాగితాలు భుజాన వేసుకుని కొబ్బరితోటల మధ్య ఇల్లిల్లూ తిరుగుతుంది. మండలంలోని తన తోటివాళ్ళంతా తలా కొంత వేసుకుని ఒకే రకం సంచులు కుట్టించుకుందామనుకున్నారు. ఏ రకమో కూడా నిర్ణయించేసుకునే వచ్చింది.

"నల్లగా మెరవాలి కామాక్షొదినా. టీచరమ్మల బ్యాగుల్లాగ. తడిగుడ్డతో తుడిస్తే దుమ్ము పోవాలి."

ఒప్పుకుంటే పని చేతిలో పడేదే. కామాక్షి ఒక్క క్షణం నోరు నొక్కుకుంది కూడా. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది?

"కొత్తల్లో బాగుంటాది. నీళ్ళు పడితే జారిపోతాయి. మన ఉప్పుగాలికీ ఉక్కకీ ఆ పూత మెత్తబడిపోయి పొలుసులూడతాది వదినా. రెండు మూడు వానాకాలాలు ఆగితే గొప్ప. ఊడిందాన్ని నానే కాదు, ఎవులూ అతికించలేరు."

"వాడుకోడం రాక అలాగవుద్ది. మా తమ్ముడు గుజరాత్ సేపల బోట్లకెళ్ళిన మొదట్లో తెచ్చిన బ్యాగు నా పెట్టెలో ఉంది. కవరు కూడా విప్పలేదు. అద్దంలాగ ఉంటాది. రా, సూపిత్తాను."

"పద, సూద్దాం" అని కామాక్షి పౌరుషంగా లేచింది. హరిబాబు మాత్రం, చేతికొచ్చిన పనిని కాలితో తన్నుకుంటోందని గొణుక్కున్నాడు.

ఆదివారం జయశ్రీ ఇంట్లో పెట్టె తెరిచారు. చీరల మడతల మధ్య, ప్లాస్టిక్ కవరులో, దేవుడి పటంలా భద్రంగా ఉంది సంచి. జయశ్రీ గర్వంగా కవరు విప్పింది. విప్పడమేమిటి, సంచి పై చర్మం సగం కవరుకే అంటుకుని వచ్చేసింది. మిగతాది ఆమె వేళ్ళకి నల్లగా, జిగురుగా పట్టుకుంది. పట్టుకున్నచోటల్లా పొలుసులు రాలి, పక్కనున్న పట్టుచీర మీద పడ్డాయి. లోపలి గుడ్డ పాపం బోసిగా బయటపడింది.

తన మాటే నెగ్గినా కామాక్షికి గెలిచిన సంబరం లేకపోయింది. జయశ్రీ ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తమ్ముడు ఢిల్లీబాబు మొదటి సంపాదనతో తెచ్చింది. మంచి రోజున వేసుకుందామని దాచింది. ఒక్కసారైనా భుజాన వేసుకోలేదు.

"నానేటి సేసినాను వదినా? ముట్టుకోనైనా లేదు."

"నీ తప్పేటి లేదు. వాడినా వాడకపోయినా గాల్లో చెమ్మకి ఆ పూత సివుకుతాది. కవరులో చెమ్మ బయటికి పోక ఇంకా తొరగా పోయుంటాది. అదే తోలైతే బూజు పట్టేది. తుడిచి, నీడన ఆరబెట్టి, కాస్త నూనె రాస్తే మళ్ళీ మనిషిలో పడేది."

"అయితే తోలుతోనే కుట్టీ."

"బరువు. నువ్వు రోజూ ఇసకలో నడవాలి. పైగా వాన, ఉప్పునీళ్ళు పడి ఎండితే తోలు బిరుసెక్కి పగుల్తాది. రోజూ దానికి సేవ సేత్తావా? మందపాటి కాన్వాసు కుడతాను. ఊడ్డానికి దాని మీద పూతే ఉండదు. ఉతుక్కోవచ్చు, సిరిగితే మాసికేసుకోవచ్చు. నీ మనవలు కూడా వాడుకుంటారు."

గొప్పలు పోతే దేవుడు వింటాడు. కామాక్షి రాత్రీ పగలూ కూర్చుని నమూనా కుట్టి ఇచ్చింది. జయశ్రీ దాన్ని వేసుకుని బయల్దేరిన వారంలోనే సముద్రం మీంచి వాన విరుచుకుపడింది. కాన్వాసు నీళ్ళు తాగీ తాగీ గోనెబస్తా బరువెక్కింది. లోపలి కాగితాలు ముద్దయ్యాయి. బీపీ మిషను అట్టపెట్టె నానిపోయింది.

"నీ కాన్వాసు బ్రహ్మాండం వదినా" అంది జయశ్రీ ఫోనులో. "పొలుసులు మాత్రం ఊడలేదు."

ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ సంచులకి జాతకాలు చెప్పిన కామాక్షి ఆ మాటకి సిగ్గుతో చచ్చిపోయింది. చిరగదని చెప్పడంలో పడి, తడుస్తుందని చెప్పడమే మరిచిపోయింది. ఆ రోజు అన్నం సయించలేదు. మర్నాడు కోపమంతా కాన్వాసు మీద చూపించింది. మైనంలో కాస్త నూనె కలిపి కరిగించి, గుడ్డకి రుద్ది, పైన పాత గుడ్డ పరిచి ఇస్త్రీపెట్టెతో వేడి పట్టించింది. లోపల గొడుగుగుడ్డతో ఇంకో సంచి కుట్టింది. నీళ్ళు సూదిబెజ్జాల్లోంచి కూడా దిగుతాయి కాబట్టి, దాని అడుగున కుట్టు పడకుండా ఒకే ముక్క మడిచింది. మూత పెద్దది పెట్టి పక్కలకి దించింది. హరిబాబు బిందెడు నీళ్ళు తెచ్చి, ఇన్నాళ్ళ కసీ తీరేలా దానిమీద గుమ్మరించాడు. లోపల పెట్టిన పాత పేపరు పొడిగానే ఉంది.

ఆ సంచి పట్టుకుని ఆశా కార్యకర్తలు కలుసుకునే రోజున కామాక్షి వెళ్ళింది. వాళ్ళలో పెద్దావిడ బొడ్డమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి పెదవి విరిచింది.

"ఇదేటే, పోస్టుమేన్ సంచిలాగుంది. మెరుపేదీ?"

"మెరుపు లేదమ్మా" అంది కామాక్షి. ఈసారి ఏదీ దాచలేదు. "ఏటా వానలకి ముందు మైనం రుద్దుకోవాలి. సబ్బుతో ఉతికితే మైనం పోతాది, ఉత్త నీళ్ళతో తుడుసుకోవాలి. తడిగా మడిసి పెడితే బూజెడతాది. గంటలకొద్దీ వానలో నిలబడితే ఏ సంచీ ఆగదు. ఇవన్నీ ఇష్టమైతేనే తీసుకోండి."

అంతా మొహమొహాలు చూసుకున్నారు. ఇన్ని లోపాలు చెప్పి ఎవరైనా సరుకు అమ్ముతారా? పని పోయిందనే అనుకుంది కామాక్షి.

అంతలో జయశ్రీ ఫోను మోగింది. వీడియోలో గుజరాత్‌లోని వేరావల్ రేవు నుంచి తమ్ముడు. వెనకాల బోట్లు కనిపిస్తున్నాయి. ఇన్నాళ్ళూ దాచిన సంగతి జయశ్రీ ఇక దాచలేకపోయింది. "ఒరే, నువ్వు తెచ్చిన బ్యాగు పాడైపోయిందిరా. పెట్టెలోనే."

ఢిల్లీబాబు కాసేపు అర్థం కానట్టు చూసి పకపకా నవ్వాడు. "పెట్టెలోనా? ఎండలో తిరిగి తిరిగి నువ్వు ఎప్పుడో సింపేసుంటావనుకున్నానక్కా. సిరిగితే ఇంకోటి తెమ్మంటావని ఏటేటా సూత్తన్నాను. నువ్వు అడగనే లేదు."

జయశ్రీ ఏడుస్తూ నవ్వింది. అక్కడున్న ఆడవాళ్ళందరి ఇళ్ళల్లోనూ అలాంటి పెట్టెలున్నాయి. బొడ్డమ్మే ముందుగా కామాక్షి చేతిలోంచి సంచి లాక్కుని, తన చిరిగిన ప్లాస్టిక్ సంచిలోని మందులు, కాగితాలు, మధ్యాహ్నం అన్నం డబ్బా అందులోకి సర్దుకుంది.

"అమ్మా, అది నమూనా. నీకు కొత్తది కుట్టిత్తాను" అంది కామాక్షి.

"కొత్తది వాళ్ళకి కుట్టు. ఇది నాను ఇయ్యాళే ఏసుకెళ్తాను" అని బొడ్డమ్మ దాన్ని భుజాన తగిలించుకుని ఎండలోకి నడిచింది.