రెండో వారంలో వేసిన లైటు

సోమవారం పొద్దున గన్‌ఫౌండ్రీ బస్టాపులో ఉండగా సార్ భార్య ఫోన్ చేశారు. "సార్ పోయిండమ్మా. నిద్రలనే." వచ్చిన బస్సును వదిలేసి అక్కడే నిలబడిపోయాను.

అబిడ్స్‌లో ఒక రేడియో దుకాణం పైగదిలో ఆయన టీవీ సీరియల్ రాసేవారు. పదమూడు వారాలు, ఒకటే హత్య. డిగ్రీ అవగానే ఆయన దగ్గర సహాయకురాలిగా చేరాను. మొదట నాచేత చివరి భాగమే రాయించారు. "ఎవరు చంపిన్రో తెల్వకుండ మొదలువెడ్తే చూసేటోళ్లను మోసం జేసినట్టే బిడ్డా." గోడనిండా పదమూడు కాగితాలు: ఏ వారం ఏ ఆధారం చూపాలి, ఎవరి మీదికి అనుమానం తోలాలి.

హంతకుడు చనిపోయినాయన బావమరిది. హత్య జరిగిన ఇంటికి రావడం ఇదే మొదటిసారని పోలీసులకు చెబుతాడు. కానీ రెండో వారంలో, చీకటి మెట్ల దగ్గర తడుముకోకుండా స్విచ్ వేస్తాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగేలా రాశారు సార్. "ఆధారం దాచొద్దు. కండ్ల ముందర వెట్టి చెవిని ఇంకోదిక్కు గుంజాలె." ఆ వేషం వేసిన నటుడికి కూడా విషయం చెప్పలేదు. "చెప్తే ఇయ్యాల్టి సంది దొంగచూపులు షురూ జేస్తడు!"

హంతకుడెవరో ఊహించి ప్రేక్షకులు పంపే కార్డులను సోంపు నములుతూ, నిలబడే చదివేవారు. కారణం లేకుండా ఊరికే పేరు రాస్తే పక్కన పడేసేవారు. వికారాబాద్ నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ మాత్రం స్విచ్ సంగతి రాశారు. సార్ ఆ కార్డు రెండుసార్లు చదివి, "గీమె కోసమే రాసినం," అన్నారు.

పదో వారానికి చాలా కార్డుల్లో బావమరిది పేరే. నిర్మాత బెదిరిపోయి, హంతకుణ్ణి మార్చమన్నాడు. సార్ ఒప్పుకోలేదు. దాంతో నిర్మాత తెర మీంచి సార్ పేరు తీసేయించాడు. చివరి భాగం మళ్లీ రాసింది నేను. అంతవరకూ ఎవరూ అనుమానించని డాక్టర్ని పట్టించాను, అప్పటికప్పుడు బీరువాలో ఒక ఉత్తరం పుట్టించి. నా పేరు తెర మీద పడాలనే ఆశ. అంతకు మించి కారణం లేదు.

"జనానికి రెండో వారం ఎక్కడ గుర్తుంటుందండీ?" అన్నాను సార్‌తో.

"అందరు మర్చిపోవచ్చు. టీచరమ్మ మర్చిపోలె గద."

సీరియల్ అయిపోయిన ఆదివారం నన్ను నాంపల్లి స్టేషన్‌కు రమ్మన్నారు. "వికారాబాద్ వోతున్న. నువ్వు చెప్పిందే కరెక్టమ్మా అని ఆమెకు చెప్పొస్త. రాసింది నువ్వు, నువ్వు గూడ ఉంటే మంచిగుంటది." తిట్టి ఉంటే ఎక్కేదాన్నేమో. ఆమె ముందు ఏం మొహం పెట్టుకుని నిలబడను? తలనొప్పి అన్నాను.

ఆ తర్వాత కూడా ఆయన్ను కలుస్తూనే ఉన్నాను. ఆమె ఏమందో అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇక అడిగే వీలు లేదు.

ఆ రోజు సార్ రైల్లో కిటికీ పక్కన కూర్చుని, పక్క సీట్లో తువ్వాలు పరిచారు. "ఎవరన్న ఉన్నరా?" అని ఒకాయన అడిగాడు. "ఔ, వస్తరు," అన్నారు సార్, ప్లాట్‌ఫారం మీదున్న నా వైపు చూడకుండానే. బండి కదిలింది. తువ్వాలు తీయలేదు.