ఈశ్వరప్ప తీసేసిన గంట

మదనపల్లె టమోటా మార్కెట్టుకు ఎదురుగా, ఎరువుల అంగడి మీది గదిలో కూర్చుని ఈశ్వరప్ప ముప్ఫై ఏళ్లపాటు జాతకాలు వేశాడు. జాతకాలు వేయడం ఆయన వృత్తి. ఎదుటివాణ్ని ఈసడించడం ఆయన విద్య. మొదటిదానికి దక్షిణ పుచ్చుకునేవాడు, రెండోది ఉచితం.

మెట్లెక్కి వచ్చినవాడు చెప్పులు విడిచేలోపే ఆయన ముఖం చిట్లించేవాడు. పుట్టిన టైం అడిగితే జనం చెప్పే జవాబులు వింటే ఎవరికైనా అలాగే ఉంటుంది మరి. "కోడి కూసినాక సామీ." "రెండో ఆట సినిమా వదిల్నాక." "మా అవ్వ చెనిక్కాయలు వలస్తా వలస్తా లేసిపొయ్యిందంట, అప్పుడు."

"మీ అవ్వ ఏ టైముకు లేసిపొయ్యిందో నేను మీ అవ్వ జాతకంలో సూడాల్నా?" అనేవాడు ఈశ్వరప్ప.

అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. టైం మార్పిడిలో ఆయన్ను మించినవాడు మూడు తాలూకాల్లో లేడు. ఈ సంగతి జనానికి తెలియడానికి ముందే ఆయనకు తెలుసు.

కురబలకోట గంగాధర్ అని కువైట్‌లో డ్రైవరు ఒకాయన, ఒకసారి కూతురు వెన్నెల జాతకం తెచ్చి చూపించాడు. పిల్ల అక్కడే పుట్టింది, ఉదయం ఆరింటికి. జాతకం వేసింది పుంగనూరు అంకయ్య. అంకయ్య అంటే ఈశ్వరప్పకు సొంత బావమరిది, భార్య సుభద్రమ్మ తమ్ముడు. అతనూ జ్యోతిష్యుడే. ఈశ్వరప్ప దృష్టిలో మాత్రం కాదు.

జాతకం చేతిలోకి తీసుకోకుండానే, బల్ల మీదున్నదాన్ని చూపుడువేలితో తన వైపు జరుపుకున్నాడు ఈశ్వరప్ప, చచ్చిన బొద్దింకను జరిపినట్టు.

"బిడ్డ యాడ పుట్టింది?"

"కువైట్‌లో సామీ."

"మా బావమరిది పుంగనూరు బస్టాండులో పుట్టించినాడే! ఆడ ఆరంటే ఈడ ఎనిమిదిన్నర. రెండున్నర గంటలు మింగేసినాడు మహానుభావుడు."

"అయితే ఎనిమిదిన్నర అని ఏసుకుంటే సరిపోతాది గదా సామీ?"

"సరిపోదు. గ్రహాలకైతే మన టైముకు మార్చుకుంటే సరే. చంద్రుడు యాడుండాడో అందరికీ ఒకటే. లగ్నం అట్ల కాదు. ఆడ సూర్యుడు ఎప్పుడు మొలిచినాడో దాన్ని బట్టి వస్తాది. కువైట్ బిడ్డకు కువైట్ ఆకాశమే. ఎనిమిదిన్నర అని రాసుకోని మదనపల్లె లగ్నం కట్నోడు ఇంకా పెద్ద గాడిద."

గంగాధర్‌కు సగం అర్థమైంది. బావమరిది గాడిదని మాత్రం పూర్తిగా అర్థమైంది. ఆ మాట సాయంత్రం బస్సుకే పుంగనూరు చేరింది.

కువైట్ లెక్క ఈశ్వరప్పకు ఎడమచేతి పని. ఆయన అసలు గొప్ప యుద్ధం టైములో ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో, నలభై రెండు సెప్టెంబరు నుంచి నలభై ఐదు అక్టోబరు దాకా, దొరలు దేశంలోని గడియారాలన్నిటినీ ఒక గంట ముందుకు తిప్పించారు. ఆ మూడేళ్లలో పుట్టినవాళ్లు గడియారం చూసి రాయించిన టైములోంచి ఒక గంట తీసేస్తేనే మన మామూలు టైం వస్తుంది. తీయకపోతే చాలామందికి లగ్నం మారిపోతుంది. ఈ సంగతి తెలియక జిల్లాలో ఎంతమంది సిద్ధాంతులు ఎంతమంది జాతకాలు చెడగొట్టారో ఈశ్వరప్ప వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేవాడు. ఆ కాలంలో పుట్టిన ముసలాయన ఎవరైనా మెట్లెక్కితే ఆయన ముఖం వెలిగిపోయేది. "యుద్ధంలో పుట్నోడివి. నీ జాతకం తప్పు" అనేవాడు, చూడకముందే.

ఈ విద్యను ఆయన మొట్టమొదట ప్రయోగించింది తన మీదే.

ఈశ్వరప్ప పుట్టింది స్వభాను సంవత్సరం కార్తీక బహుళంలో, అంటే పంతొమ్మిది వందల నలభై మూడులో, కుప్పంలోని అమ్మమ్మగారింట్లో. రాత్రి ఎనిమిది అని రాసుంది. ఆ రాత్రి మామూలు టైం ప్రకారం ఏడున్నరకు రోహిణి వెళ్లిపోయి మృగశిర వచ్చింది. కాబట్టి చిన్నప్పటినుంచీ ఆయనది మృగశిర, మిథున లగ్నం, చంద్రుడు పన్నెండో ఇంట వ్యయస్థానంలో. పెళ్లి కూడా ఆ నక్షత్రం మీదే జరిగింది. ముప్ఫై ఏళ్లప్పుడు యుద్ధం టైం సంగతి చదివి ఆయన గంట తీసేశాడు. ఎనిమిది ఏడైంది. మృగశిర రోహిణి అయింది. లగ్నం వెనక్కి జరిగి వృషభమైంది. వృషభ లగ్నం, అందులోనే ఉచ్చలో చంద్రుడు, రోహిణి నక్షత్రం. సాక్షాత్తూ శ్రీకృష్ణుడికి చెప్పే అమరిక! తనంటే తనకు ఎందుకింత గౌరవమో ఆయనకు ఆ రోజు తెలిసింది.

"పెండ్లినాడు మృగశిర, ఇప్పుడు రోహిణి. నేను ఎవుర్ని చేసుకున్నెట్టు?" అంది సుభద్రమ్మ.

"అదృష్టవంతుణ్ని చేసుకున్నెట్టు. జింక తలకాయ నక్షత్రం పోయి కృష్ణుడి నక్షత్రం వచ్చింది, సంతోషించు."

దశలు కూడా అడ్డు చెప్పలేదు. రోహిణి చివర పుట్టినా మృగశిర మొదట పుట్టినా నాలుగైదు నెలలే తేడా. జరిగినదాన్ని జాతకానికి అతికించడంలో చేయి తిరిగినవాడికి నాలుగైదు నెలలు ఒక లెక్కా? అంకయ్య ఒక్కడే నసిగేవాడు. "బావా, ఆ టైం ఎవురు సూసి చెప్పినారో కనుక్కుంటివా?" అని. "గడియారం చెప్పింది. నీ మాదిరి అది నసగదు" అనేవాడు ఈశ్వరప్ప.

రెండువేల మూడులో మళ్లీ స్వభాను వచ్చింది. ఈశ్వరప్పకు అరవై. వాళ్లింట్లో షష్టిపూర్తి పుట్టిన నెలలో జన్మనక్షత్రం ఉన్న రోజే చేస్తారు. రోహిణి రోజు కల్యాణమండపం మాట్లాడాడు. 'రోహిణీ నక్షత్రయుక్త శుభదినమున' అని పెద్దక్షరాలతో పత్రికలు వేయించాడు. కుప్పంలోని పిన్నమ్మకు మాత్రం స్వయంగా పోయి ఇవ్వాలి. మునెమ్మ అని, తల్లి చెల్లెలు. పెద్దవాళ్లలో మిగిలింది ఆమే. బావమరిదిని వెంటబెట్టుకుని పోవడం మర్యాద కాబట్టి పుంగనూరులో అంకయ్య బస్సెక్కాడు. కుప్పం దాకా పత్రికను తిరగేసి మరగేసి చూశాడు.

"ఏం సూస్తాండావు? అచ్చుతప్పులా?" అన్నాడు ఈశ్వరప్ప.

"లేదు బావా. కాయితం బాగుండాది."

మునెమ్మకు డెబ్బై దాటింది. కళ్లు కొంచెం ఆనవు గానీ నోరు బాగానే ఆనుతుంది. కుంకుమ పెట్టించుకుని, పత్రిక చెంగులో పెట్టుకుని, వాళ్లకు సంగటి పెట్టి ఎదురుగా కూర్చుంది.

"మీ తాత ఉంటే ఎంత సంతోషపడునో అబ్బోడా. మొండోడు గానీ మనసు మంచిది."

"మొండోడా?" అన్నాడు అంకయ్య మర్యాదకు.

"మొండోడా అంటాడు సూడు! యుద్ధంలో గడియారాలన్నీ ఒక గంట ముందుకు తిప్పండని తమటం కొట్టి చాటించినారు. ఊరంతా తిప్పింది. మా నాయన తిప్పలా. తెల్లోడు చెప్తే సూర్యుడు ముందు లేస్తాడా అని. చెనిక్కాయల బేరానికి బెంగుళూరు పోవాలంటే తన గడియారం సూసుకోని స్టేషనుకు పొయ్యేది, రైలు ఎప్పుడో గంట ముందే పొయ్యుండేది. యుద్ధం అయిపొయ్యేదాకా ఆ రైలు ఆయనకు దొరకలా!" మునెమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "స్టేషను మాస్టరు ఆయన్ని సూసి, శెట్టీ, రేపటి రైలుకు ముందే వచ్చినావా అనేవాడంట."

అంకయ్య సంగటి ముద్ద చేతిలో అలాగే ఆగింది. ఈశ్వరప్ప ముద్ద గొంతులో ఆగింది.

"పిన్నమ్మా, నేను పుట్టినప్పుడు..." అని మొదలుపెట్టి, నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాడు. "నేను పుట్టిన టైం సూసింది యా గడియారంలో?"

"మా ఇంట్లో పది గడియారాలు ఏడిసినాయా? మా నాయన జేబులోదే. నేనే లోపల్నుంచి పరిగెత్తి, బిడ్డ పుట్నాడు నాయనా అన్నా. గడియారం తీసి చూసి, ఎనిమిది అన్నాడు. పక్కింటాయన తొమ్మిది గదా శెట్టీ అంటే, అది నీ దొర బిడ్డకు, నా మనవడికి ఎనిమిదే అన్నాడు."

ఇక సందేహానికి చోటు లేదు. తాత గడియారం పాత టైములోనే ఉంది. అందులోంచి తీయడానికి గంటే లేదు. లేని గంటను తీసేసి ఈశ్వరప్ప ముప్ఫై ఏళ్లు కృష్ణుడిగా తిరిగాడు. చంద్రుడు ఉచ్చలోనే ఉన్నాడు పాపం, వ్యయస్థానంలో.

ఆయన అంకయ్య వైపు చూశాడు, తిట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని. అంకయ్య చారు పోసుకుంటున్నాడు. గాడిద అనిపించుకున్నవాడు అంత నెమ్మదిగా చారు పోసుకోవడం ఈశ్వరప్ప అంతవరకూ చూడలేదు.

తిరుగు బస్సులో పలమనేరు దాటాక అంకయ్యే అన్నాడు. "మండపం ఒకరోజు జరుపుకుంటే పోతాది బావా. పురోహితుడికి కుదర్లేదని చెప్దాం."

"నువ్వేం చెప్పాల్సిన పన్లేదు."

"నేనేం చెప్తాను? నాకు నసుగుడే గదా వచ్చేది."

పత్రికలు అప్పటికే సగం పంచేశారు. కాబట్టి జనం రోహిణి రోజే దిగారు, టిఫిన్లు తిన్నారు, రేపని తెలిసి ఉండిపోయి మర్నాడూ తిన్నారు. అడిగినవాళ్లందరికీ అంకయ్య గుమ్మంలో నిలబడి, పురోహితుడికి జ్వరమని చెప్పాడు. ఆ పురోహితుడు గుండ్రాయిలా పక్కనే నిలబడి ఉన్నా చెప్పాడు. తనకు అంత మర్యాద చేసినందుకు ఈశ్వరప్ప బావమరిదిని ఆ జన్మకు క్షమించలేదు.

కష్టమంతా సంకల్పం దగ్గర వచ్చింది. పీటల మీద కూర్చున్నాక పురోహితుడు నక్షత్రం చెప్పమన్నాడు. ఈశ్వరప్ప గొంతులోనే ఏదో అన్నాడు.

"వినపళ్లేదు స్వామీ, గట్టిగా!"

మైకు మధ్యలోనే ఉంది. అప్పటిదాకా ఆయన ఈసడించిన వృషభాలూ మిథునాలూ అన్నీ బంధుమిత్ర సపరివారంగా ఎదురుగా కూర్చుని ఉన్నాయి.

"మృగశిర" అన్నాడు ఈశ్వరప్ప.

"నేను పెండ్లి చేసుకున్నోడు తిరిగొచ్చినాడు" అంది సుభద్రమ్మ, మైకులో పడేలాగానే.

దాంతో ఆయన మారాడని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. ఈసడింపు అలాగే ఉంది, తాతను కూడా అందులో చేర్చుకున్నాడు, అంతే. ప్రశ్న ఒకటి మాత్రం కొత్తగా వచ్చింది. ఆ చలికాలంలోనే తంబళ్లపల్లె నుంచి సిద్దప్ప అని గొర్రెలాయన వచ్చాడు. పుట్టింది నలభై నాలుగులో, టైం వాళ్ల తాత గడియారం చూసి రాయించాడట. ఈశ్వరప్ప ముఖం వెలిగింది. నోరు తెరిచాడు. 'నీ జాతకం తప్పు' అనబోయి ఆగాడు. కలం కింద పెట్టాడు.

"మీ తాతకు ఎప్పుడన్నా రైలు తప్పిపొయ్యిందా?"

సిద్దప్ప అటూ ఇటూ చూశాడు. "మా ఊరికి రైలే లేదు గదా సామీ!"

"రైలు లేని ఊర్లో పుట్టి నా దగ్గరికి ఏంటికి వచ్చినావప్పా!" అని ఈశ్వరప్ప ఆయన్ను ఆపాదమస్తకం అసహ్యంగా చూశాడు.