కొట్టేసిన పది

కోరుట్ల దగ్గర ఒక ఊళ్లోని ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను. పుట్టింది సిరిసిల్లలో, ఇప్పుడు ఉంటున్నది జగిత్యాలలో. పొద్దున ఎనిమిదింటి బస్సెక్కితే ప్రార్థన గంటకు ముందే బడిలో ఉంటాను. ఇది మొన్నటి వానాకాలం మాట.

ఎనిమిదో తరగతికి అనులోమ, విలోమ అనుపాతాలు చెప్పడం అయిపోయింది. పిల్లలు లెక్క చేసేస్తారు గానీ, ఏది ఏ అనుపాతమో చెప్పమంటే తడబడతారు. అందుకని ఒక వర్క్‌షీటు తయారుచేశాను. ఒక్కో ప్రశ్నకూ ముందు అనులోమమా, విలోమమా, రెండూ కాదా అన్నది రాయాలి, ఎందుకో ఒక మాటలో చెప్పాలి, ఆ తర్వాతే లెక్క చేయాలి. ఆరు మగ్గాల మీద రోజుకు తొంభై మీటర్ల బట్ట వస్తే పది మగ్గాల మీద ఎంత? మగ్గాలు పెరిగితే బట్టా అదే లెక్కన పెరుగుతుంది, భాగిస్తే ఎప్పుడూ పదిహేనే వస్తుంది కాబట్టి అది అనులోమం. పది మందికి పద్దెనిమిది రోజులు వచ్చే బియ్యం పదిహేను మందికి ఎన్ని రోజులు వస్తుంది? ఇది విలోమం. పిల్ల వయసూ ఎత్తూ? రెండూ కాదు. ఐదో ప్రశ్న గోడది. ఎనిమిది మంది పదిహేను రోజుల్లో కట్టే ప్రహరీ గోడను పన్నెండు మంది ఎన్ని రోజుల్లో కడతారు, అందరూ ఒకే వేగంతో పనిచేస్తే?

శనివారం షీట్లు పంచాను, సోమవారం తెచ్చి ఇచ్చారు. మధ్యాహ్నం భోజనం తర్వాత స్టాఫ్ రూంలో జవాబుల కాగితం పక్కన పెట్టుకుని దిద్దడం మొదలుపెట్టాను. ఐదో ప్రశ్నకు నా కాగితంలో పన్నెండు రోజులని ఉంది. పది అని రాసిన నాలుగు షీట్ల మీద ఎర్రగా ఇంటూ కొట్టాను. ఐదో షీటులో ఒక పిల్ల వివరంగా రాసింది: మనుషులు పెరిగితే రోజులు తగ్గుతాయి, విలోమం, గుణిస్తే మారదు, ఎనిమిది పదిహేన్లు నూట ఇరవై, దాన్ని పన్నెండుతో భాగిస్తే పది.

పెన్ను ఆగిపోయింది. తప్పు నాదే. మొదట ఈ ప్రశ్నలో పన్నెండు మందికి బదులు పది మంది కూలీలని రాశాను, దానికి జవాబు పన్నెండు. బియ్యం లెక్కలో కూడా పది మందే ఉన్నారని కూలీలను పన్నెండు మందిని చేశాను. జవాబుల కాగితంలో మార్చడం మరిచిపోయాను.

కొట్టిన ఇంటూలన్నీ దిద్దుకున్నాక అసలు అనుమానం మొదలైంది. మిగతా షీట్లలో తొమ్మిది మంది పన్నెండు అని రాశారు. ఆ లెక్కను ఎట్లా చేసినా పన్నెండు రాదు. అనులోమం అనుకుని తప్పు చేసినా ఇరవై రెండున్నర వస్తుంది. పన్నెండున్నది నా కాగితంలో మాత్రమే.

ఆ తొమ్మిదింటిలో ఒక షీటు నన్ను మరీ పట్టేసింది. అందులో లెక్కంతా సరిగ్గా ఉంది. నూట ఇరవై ఉంది, భాగహారం ఉంది, పది ఉంది. ఆ పదిని ఒక్క గీతతో కొట్టేసి పక్కన పన్నెండు రాసి ఉంది. పేరు చూశాను. మా భౌతిక శాస్త్రం మేడం అక్క బిడ్డ.

ఆ మేడమూ నేనూ ఒకే బీరువా వాడుకుంటాం. తాళంచెవి ఇద్దరి దగ్గరా ఉంటుంది. జవాబుల కాగితం శుక్రవారం నుంచి నా నోటుబుక్కులో, ఆ బీరువాలోనే ఉంది. శనివారం నేను వచ్చేసరికి బీరువా తెరిచే ఉన్నట్టు గుర్తొచ్చింది. ఎనిమిదో తరగతి లెక్కలు తనకు ఇవ్వమని ఆమె ఎండాకాలం సెలవుల తర్వాత హెడ్‌మాస్టర్‌ను అడిగిందని కూడా గుర్తొచ్చింది. ఒక్కొక్కటీ వచ్చి దాని చోట్లో అదే కూర్చుంది.

మూడు రోజులు నోరు తెరవలేదు. నోటుబుక్కులు సంచిలో వేసుకుని తిరిగాను. ఆమె టిఫిన్ డబ్బా తెరిచి "పచ్చిపులుసు తెచ్చిన, జెర పోసుకో చెల్లె" అంటే వద్దన్నాను. ఆమె ఎవరితో ఫోన్‌లో మాట్లాడినా చెవి అటే పోయేది. ఒకసారి నన్ను చూసి నవ్వితే, ఎందుకు నవ్వింది అని బస్సులో జగిత్యాల వచ్చేదాకా ఆలోచించాను.

గురువారం ఇక ఆగలేక ఆ షీటు తీసి ఆమె ముందు పెట్టాను.

"ఇది చూడండి. మీ అక్క బిడ్డది."

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. "లెక్క మంచిగనే చేసింది గదా. పదెందుకు కొట్టేసింది?"

"అదే నేనూ అడుగుతున్నా. పన్నెండు నా జవాబుల కాగితంలోని తప్పు. ఆ కాగితం మన బీరువాలో ఉండె."

ఆమెకు అర్థమయ్యాక కళ్లద్దాలు తీసేసింది.

"అంటే నేనిచ్చిన్నంటవా?"

నేను షీటును ఆమె వైపు ఇంకాస్త జరిపాను.

"నేనే ఇయ్యాల్నంటే తప్పు జవాబు ఎందుకిస్త మేడం? నూట ఇరవైని పన్నెండుతోని భాగిస్తే ఎంతనో నాకు తెల్వదా?"

ఇది నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. అప్పటిదాకా చెల్లె అన్న మనిషి మేడం అన్నదని మాత్రం గమనించాను.

"పిల్లను పిలుస్త. నా ముందట్నే అడుగు," అంటూ ఆమె వరండాలోకి వెళ్లి పిల్లను వెంట తెచ్చింది. పిల్ల గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఈ పన్నెండు ఎక్కడిది?" అన్నాను.

"మీరు పంపిందే మేడం."

"నేనెప్పుడు పంపిన?"

"శనారం పొద్దుగాల. గ్రూపుల. జెరమొచ్చి రాని పిల్లల కోసమని పెట్టిండ్రు గదా. రెండో పేజీల జవాబులున్నయి. అమ్మ సెల్లుల చూసిన."

నా ఫోన్ తీశాను. జ్వరాలతో బడికి రాని పిల్లల కోసం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో నేను పెట్టిన ఫైలు అక్కడే ఉంది. పైకి కనబడేది మొదటి పేజీ ఒక్కటే. తెరిస్తే రెండు పేజీలు. పిల్లలకు పంచడానికి జిరాక్స్ షాపులో మొదటి పేజీ మాత్రమే తీయమని చెప్పాను. గ్రూపులో మాత్రం మొత్తం ఫైలు పెట్టేశాను.

"మరి నీకు పది వచ్చింది గదా. ఎందుకు కొట్టేసినవ్?"

పిల్ల తలొంచుకుంది. "రెండు మాట్ల చేసిన మేడం. రెండు మాట్లా పదే అచ్చింది. మీరు తప్పు రాయరు గదా, నాదే తప్పయి ఉంటదనుకున్న."

వాళ్ల చిన్నమ్మ పిల్ల భుజం మీద చెయ్యి వేసి తరగతికి పంపించింది. నేను తప్పయిందని చెప్పాను. "సరే తీ," అని ఆమె రికార్డు పుస్తకాలు ముందరేసుకుంది.

మరునాడు తరగతిలో జరిగింది జరిగినట్టు చెప్పాను, బీరువా సంగతి తప్ప. ఆ పిల్లనే బోర్డు దగ్గరికి పిలిచి, పన్నెండు సరైనదో కాదో గుణించి చూడమన్నాను. పన్నెండు మంది పన్నెండు రోజులు చేస్తే నూట నలభై నాలుగు. గోడకు కావలసింది నూట ఇరవై.

"ఎక్కువైతుంది మేడం," అంది.

"పన్నెండు రోజులకు ఎంత మందైతే నూట ఇరవైకి వస్తది?"

"పది మంది," అని గొంతు పెంచి చెప్పింది. వెనక బెంచీలో ఎవరో, "మరి పన్నెండు రాసినోళ్లకు మార్కులేస్తరా మేడం?" అని అడిగారు. అందరూ నవ్వారు. వేయనన్నాను. ఆ పిల్లకు మాత్రం వేశాను, లెక్క చేసింది కాబట్టి. అది న్యాయమేనా అని కొందరు గొణిగారు. వాళ్లకు సరిగ్గా నచ్చజెప్పలేకపోయాను.

తర్వాతి వారం భౌతిక శాస్త్రం మేడం తన పుస్తకాలన్నీ బీరువాలోంచి తీసి ల్యాబ్ గదికి మార్చుకుంది. సామాన్లన్నీ అక్కడే ఉన్నాయి, మాటిమాటికీ తిరగలేనంది. ఆ గదిలో వాన కురిస్తే ఒక మూల కారుతుంది. ఆమె చెప్పిన కారణం నిజమో కాదో నేను అడగలేదు.