మూడోవాడెవరని అడిగిన ఆదివారం

నా ఊపిరిని తన చేతిలో పెట్టుకొని ఇంతవరకు నడిపించిన దేవునికి స్తోత్రం. భయంలో మాట అందించేవాడు ఆయనే, ఆపేవాడూ ఆయనే.

1948లో భారత సైన్యం నిజాం రాజ్యంలోకి వచ్చిన పోలీసు చర్యకు కొన్ని వారాల ముందు సంగతి ఇది. సికింద్రాబాదులో ఒక చర్చికి మా నాయన ఉపదేశి. ఆయన ప్రసంగాలు ఎంత పొడుగో సంఘమంతటికీ తెలుసు. ఆరాధనయ్యాక అందరం కలిసి భోంచేసే ఆదివారాల్లో మా అన్న నవ్వుమాటలు చెప్పేవాడు. ముందుగా వాటిని నాకు వినిపించేవాడు.

"ఒకటి చెప్తే వట్టి సంగతే. అదే తీరుగ రెండోది చెప్తే దారి పడ్తది. మూడోది సుత అటే వస్తదని వినేటోడు ముందే అడుగేస్తడు. గప్పుడు పక్కకు తిప్పాలె."

"నాలుగోదాంట్ల తిప్పితే?"

"అప్పటికే ఆవులిస్తరు పిల్లా."

ఆ వారం అతను కట్టింది, భారత సైన్యం వచ్చేసిందనుకొని విమానం మోతకే ఉరికినవాళ్ల కథ. అందులో మూడోవాడు, నిజాం తరఫున కత్తి కట్టుకొని వీధుల్లో తిరిగే ఖాకీ దళం మనిషి. యూనిఫాం విప్పి చంకలో పెట్టుకొని, గోడ దూకి దాక్కుంటాడు. అంతకన్నా చిన్న మాటలకే మనుషుల్ని పట్టుకుపోతున్న రోజులవి. వద్దన్నా అన్న వినలేదు. "మన సంఘపోళ్లే గదనే" అన్నాడు.

ఆదివారం ఆరాధనయ్యాక, భోజనాలకు ముందు మొదలుపెట్టాడు. "సేఠ్ నగల పెట్టె చంకల వెట్టుకొని ఉరికిండు." అందరూ వింటున్నారు. "వకీలు సాబ్ కాగితాల కట్ట చంకల వెట్టుకొని ఉరికిండు."

అప్పుడే ఆ దళం ఖాకీవాళ్లు ఇద్దరు లోపలికొచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారు. అన్న ఆగిపోయాడు.

రెండు చెప్పి ఆగితే, ఆ ఖాళీయే మూడోదాన్ని అడుగుతుంది. అదే తీరు మనిషిని ఇంకొకణ్ని చెబితే ఎవరూ నవ్వరు, ఏదో మింగాడని తెలిసిపోతుంది.

"ఏందీ, ఆగినవ్?" అన్నాడు వెనకనుంచి ఒకడు. "మూడోటోడెవరు?"

"మా నాయన," అన్నాడు అన్న. "మా నాయన ప్రసంగం కాగితాలు చంకల వెట్టుకొని..."

చంకల వెట్టుకొని దాకా పాత దారే. ఇక మిగిలింది చివరి మాట ఒక్కటే. ఉరికిండు అనే మాట అందరి పెదవుల మీదికీ వచ్చేసింది.

"...తలుపుకు అడ్డం నిలవడ్డడు. ‘యాడికి? ఇంక సగమే అయింది, కూసోండ్రి!’"

ఆడవాళ్ల చాపల దగ్గర ఒక ముసలమ్మ ముందు నవ్వింది, తర్వాత సంఘమంతా. ఖాకీవాళ్లలో ఒకడు తొడ చరుచుకున్నాడు. రెండోవాడు నవ్వకుండా నాయన వైపు చూశాడు.

"ఉపదేశి సాబ్, గిది నిజమేనా?"

నాయన లేచాడు. "అబద్ధం," అన్నాడు గంభీరంగా. "సగం సుత కాలే."

వాడికీ నవ్వాగలేదు. కాసేపటికి ఇద్దరూ వెళ్లిపోయారు. భోజనంలో అన్న అన్నం కలిపాడు గానీ ముద్ద నోటిదాకా రాలేదు. నాయన పక్కన కూర్చున్నాడు. తన చేత్తో తినిపించాడు.

చదివేవారిని ఒకటే అడుగుతున్నాను. చెప్పబోయిన మాటకు ప్రాణం పోతుందేమోనని వణికే పిల్లలు ఇవాళ ఎక్కడున్నా, ఆ క్షణంలో వాళ్లకు ఇంకో మాట అందించమని దేవుణ్ని నాతో కలిసి ప్రార్థించండి.