తమ్ముడి కళ్లలో కిటికీ

మా కాలనీ సెక్టర్ 2లోని కళ్లజోళ్ల దుకాణం ఇంటర్నెట్‌లో అమ్మకం మొదలుపెట్టినప్పుడు, మా తమ్ముడు ఫ్రేములు పెట్టుకుని ఫొటోలు దిగాడు. కింద వివరాలు రాయడం నా పని. ఫ్రేము ఏ ఆకారంలో ఉంది, అద్దాల మీద వెలుగు ఎలా పడుతోంది, కొనేవాళ్లకు తెలియాలి.

తమ్ముడు పోయాక కూడా యజమాని ఆ పాత ఫొటో మీదే కంప్యూటర్‌లో కొత్త ఫ్రేములు అతికించేవాడు. నేను వద్దనలేదు. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా తమ్ముడు కొత్త కళ్లజోడులోంచి నన్ను చూసేవాడు.

ఒకసారి గుండ్రటి ఫ్రేము వచ్చింది. ఆకారం సరిగ్గానే ఉంది. అద్దాల మీద మాత్రం ట్యూబులైటు మెరుపు కుడివైపు అతికించాడు. అద్దాల వెనక, తమ్ముడి కళ్లలో, దుకాణం కిటికీ ఎడమవైపు మెరుస్తోంది. చెబితే ఆ ఫొటో తీసేస్తాడని తెలుసు. లేని వెలుగును ఉన్నట్టు రాయలేక యజమానికి చెప్పాను.

"ఏటి దీదీ, కళ్లెవుడు చూస్తాడు? ఫ్రేము చూస్తారు గానీ," అని నవ్వాడు యజమాని. మళ్లీ చూసి నవ్వు ఆపాడు. "నిజమే. ఇంకో మనిషికి పెట్టి తీద్దాం."

దుకాణంలోనే తీసిన ఫొటోలో కొత్త మొహం వచ్చింది. నేను రాశాను: గుండ్రటి ఫ్రేము, అద్దాల మీద ఎడమవైపు కిటికీ వెలుగు.

అదే కిటికీ.